ఎహసాన్ కాదు సాబ్, హిసాబ్

మన కుటుంబాల్లో ఒక ఆదత్ ఉంది. కిరాయి ఇంట్లో నల్లా కారితే మకాన్ మాలిక్‌కి ఫోన్ చేస్తాం. బోరు మోటారు కాలిపోతే ఫోన్ చేస్తాం. కానీ ఫర్నిష్డ్ ఫ్లాట్‌లో ఆయన ఇచ్చిన గద్దా నడుమ గుంట పడితే మాత్రం మనకు నోరు పెగలదు. "పరుపు గురించి ఏం అడుగుతాం, షరమ్ కాదా" అంటాం. చాప పరుచుకుని కింద పడుకుంటాం. లేదంటే చప్పుడు చేయకుండా మన పైసలతో కొత్తది తెచ్చుకుంటాం. ఇది లిహాజ్ అని మనం అనుకుంటున్నాం. నేనైతే దీన్ని లిహాజ్ అనను. కిరాయి కట్టిన వస్తువుకు రెండోసారి కిరాయి కట్టడం అంటాను.

హైదరాబాద్‌లో టోలీచౌకి, మెహిదీపట్నం నుంచి గచ్చిబౌలి దాకా ఫర్నిష్డ్ ఫ్లాట్ల బోర్డులు పెరిగాయి. కర్నూలు నుంచో, నిజామాబాద్ నుంచో నౌకరీ కోసం వచ్చిన కొత్త జంటలకు ఇవి అవసరం. ఎన్నాళ్లుంటారో తెలీదు, సామాన్ మోసుకుని తిరగలేరు. అందుకే ఖాళీ ఫ్లాట్ కన్నా నెలకు కొన్ని వేలు ఎక్కువ ఇచ్చి పలంగ్, గద్దా, సోఫా, ఫ్రిజ్ ఉన్న ఇంట్లో దిగుతారు. ఆ కొన్ని వేలు దేనికి? గోడలకు కాదు. గోడలు ఖాళీ ఫ్లాట్‌లోనూ ఉన్నాయి. ఆ పైసలు కేవలం సామాన్‌కి. ఈ ఒక్క మాట బుర్రలో నిలిస్తే మిగతా బహస్ అంతా తేలిక.

మా భాంజీ సంగతే చూడండి. ఆమె, ఆమె షోహర్ రెండు గదుల ఫ్లాట్‌లో దిగారు, కిరాయి 26,000. అదే బిల్డింగ్‌లో పై అంతస్తులో అంతే ఫ్లాట్, సామాన్ లేనిది, 19,000. తేడా 7,000. అంటే ఏడాదికి 84,000. ఆ ఇంట్లో ఉన్న సామాన్ మొత్తాన్ని ఈ రోజు కొత్తగా కొన్నా రెండు లక్షల చుట్టుపక్కల వస్తుంది. రెండున్నరేళ్లలో కొత్త సామాన్ ధర మొత్తం మాలిక్ చేతికి తిరిగి వచ్చేస్తుంది. వీళ్లకు ముందు అక్కడ ఇంకో కుటుంబం నాలుగేళ్లు ఉంది. అప్పట్లో తేడా 5,000 మాత్రమే అనుకున్నా, నాలుగేళ్లకు 2,40,000. అంటే మా భాంజీ పడుకున్న గద్దా ఖరీదు ఎప్పుడో వసూలైంది. ఆ తర్వాత వచ్చేదంతా, గద్దా పనికొచ్చేలా ఉన్నంత కాలం, హలాల్ మునాఫా. పనికిరాకుండా పోయాక కూడా అదే 7,000 తీసుకుంటూ "మీరే కొనుక్కోండి" అంటే దాన్ని ఏమనాలో మీరే చెప్పండి.

ఆమెకు అప్పుడు ఏడో నెల. పొద్దున లేస్తే నడుం పట్టేసేది. కడుపుతో ఉన్నప్పుడు నడుం నొప్పి మామూలే అని పెద్దవాళ్లు సర్దిచెప్పారు. కానీ పుట్టింటికి వెళ్లిన పది రోజులూ నొప్పి తగ్గింది, ఇంటికి వచ్చిన మూడో రోజుకే తిరిగొచ్చింది. నొప్పికి కారణం గద్దాయేనని ఇది కోర్టులో నిలిచే సబూత్ కాదు. కానీ చాదర్ తీసి చూడాలన్న ఆలోచనైనా రావాలి కదా.

చూడటానికీ ఒక పద్ధతి ఉంది. "గద్దా ఖరాబైంది" అని నోటితో అంటే మాలిక్ "నాకు బాగానే ఉంది" అని చేత్తో రెండుసార్లు నొక్కి వెళ్లిపోతాడు. కాబట్టి కొలవాలి. చాదర్, దిండ్లు తీసేయండి. గద్దా మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒక తిన్నని కర్ర పెట్టండి, కర్టెన్ రాడ్ చాలు. కర్రకు, గుంట అడుగుకు మధ్య ఎంత లోతుందో టేపుతో కొలవండి. ఎవరూ పడుకోనప్పుడు కూడా ఒకటి, ఒకటిన్నర అంగుళానికి మించి గుంట నిలిచిపోతే అది వాడకపు ముడత కాదు, లోపల దమ్ పోయింది. గద్దాల కంపెనీలు తమ వారంటీల్లో సాధారణంగా పెట్టుకునే లెక్క కూడా దాదాపు ఇదే. మా భాంజీ ఇంట్లో రెండుంపావు అంగుళాలు తేలింది. కర్ర, టేపు రెండూ కనిపించేలా ఫొటో తీసుకున్నారు.

ఇంకొక పరీక్ష అంతకన్నా ముఖ్యం. గద్దాను పలంగ్ మీద నుంచి దించి నేల మీద పరిచి మళ్లీ కొలవండి. గుంట అలాగే ఉంటే తప్పు గద్దాది. గుంట పోతే తప్పు పలంగ్‌ది. కింద ప్లైవుడ్ వంగి ఉంటుంది, లేదా అడ్డపట్టీ ఒకటి విరిగి ఉంటుంది. అప్పుడు పదిహేను వేల గద్దా అడగక్కర్లేదు, బఢయీని పిలిపించి పట్టీ వేయిస్తే సరిపోతుంది. ఈ పరీక్ష చేయకుండా కొత్త గద్దా తెప్పించుకుంటే, విరిగిన పట్టీ మీద అదీ కొన్ని నెలల్లో గుంట పడుతుంది. అప్పుడు మాలిక్ "చూశారా, వీళ్ల వాడకమే అంత" అంటాడు. ఆ మాటకు మీ దగ్గర జవాబుండదు.

కొందరు బుజుర్గులు అడుగుతారు, బాగుచేయించుకుంటే పోదా అని. వాళ్ల కాలానికి అది సహీ. రూయి గద్దా అణిగిపోతే నూర్‌బాషా భాయి విల్లు భుజాన వేసుకుని గల్లీలోకి వచ్చేవాడు. కుట్లు విప్పి, దూది ఏకి, మళ్లీ నింపి కుట్టి ఇచ్చేవాడు. గద్దా మళ్లీ బతికేది. ఈనాటి ఫోమ్‌కి ఆ రాత లేదు. ఒకసారి దాని పొంగు చచ్చిపోతే ఏ కారీగర్ దాన్ని లేపలేడు. కొబ్బరి పీచు గద్దాలో పీచును పట్టి ఉంచే రబ్బరు ఎండి విరిగిపోతుంది. పలంగ్ కింద గోధుమ రంగు పొడి రాలుతుంటే అదే నిషానీ. స్ప్రింగ్ గద్దాలో తీగ వీపుకు తగలడం మొదలైతే దాని పనీ అయిపోయినట్టే. మంచి గద్దాకైనా ఎనిమిది, పదేళ్లు ఆయుష్షు. సస్తా ఫోమ్‌కి అందులో సగం కూడా రాదు. తిరగేసి వేసుకోవడం, పైన పలచటి పరుపు పరుచుకోవడం కొన్నాళ్ల మరహమ్ మాత్రమే.

ఇప్పుడు కానూన్ సంగతి. ఉన్నదున్నట్టు చెప్తాను. "మకాన్ మాలిక్ గద్దా మార్చాలి" అని గద్దా పేరు పెట్టి చెప్పే సెక్షన్ మన చట్టాల్లో లేదు. కానీ చట్టం ఎటువైపు మొగ్గుతుందో చూడండి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ కిరాయేదార్ ఇంటిని తీసుకున్న స్థితిలోనే తిరిగి అప్పగించాలంటుంది, కానీ మామూలు వాడకం వల్ల వచ్చిన అరుగుదలను మినహాయించి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఒకరి వస్తువు ఇంకొకరి చేతిలో ఉన్నప్పుడు, అతను తన సొంత వస్తువులా జాగ్రత్తగా చూసుకుంటే చాలు, నుక్సాన్‌కి జిమ్మేదార్ కాదంటుంది. మన ఇళ్లలో దీనికి ఉన్న మాట అమానత్. పైగా వస్తువును కిరాయికి ఇచ్చినవాడు, అందులోని లోపం తనకు తెలిసినా తెలియకపోయినా, దాని వల్ల కలిగిన నష్టానికి జవాబుదారీ అని 150వ సెక్షన్ అంటుంది. మన ప్రాంతపు 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టమైతే 'భవనం' అన్న మాటకు అర్థం చెబుతూ, వాడుకోవడానికి యజమాని ఇచ్చిన ఫర్నిచర్‌ని కూడా అందులో కలిపింది. ఈనాటి పెద్ద కిరాయిలకు ఆ చట్టం వర్తించదు. కానీ ఫర్నిచర్ అంటే మాలిక్ పెట్టిన ఖైరాత్ కాదు, కిరాయికి ఇచ్చిన ఇంట్లో భాగమని ఆరు దశాబ్దాల క్రితమే రాశారు.

అందుకే మొదటి అడుగు అడగడం. అదీ రాతలో. ఫోన్‌లో చెప్పిన మాట గాలికి పోతుంది. మా భాంజీ షోహర్ చేత నేను వాట్సాప్‌లో పంపించిన సందేశం ఇంతే:

"అస్సలాము అలైకుమ్ సాబ్. ఫ్లాట్‌లో మీరిచ్చిన పెద్ద గద్దా నడుమ రెండుంపావు అంగుళాల గుంట పడింది. పలంగ్ బాగానే ఉంది, గద్దా నేల మీద వేసి చూసినా గుంట ఉంది. ఫొటోలు పంపుతున్నాను. మేము దిగిన రోజు మీకు పంపిన వీడియోలో కూడా ఈ గుంట కనిపిస్తుంది. దయచేసి 15 రోజుల్లో ఈ మూడింటిలో ఒకటి చేయండి. ఒకటి, మీరే కొత్త గద్దా వేయించండి. రెండు, మీరు చెప్పిన ధర లోపల మేము కొంటాం, బిల్లు మీకు ఇస్తాం, రెండు నెలల కిరాయిలో తగ్గించుకుంటాం, గద్దా మీదే. మూడు, పాత గద్దా మీరు తీసుకెళ్లండి, మా గద్దా మేము వేసుకుంటాం, కిరాయి తగ్గించండి. మీ జవాబు ఇక్కడే రాస్తే మెహెర్బానీ."

ఇందులో గుస్సా లేదు, బెదిరింపు లేదు. కొలత ఉంది, తారీఖు ఉంది, ముద్దత్ ఉంది, ఎంచుకోవడానికి మూడు దారులున్నాయి. మాలిక్‌కి 'వద్దు' అనడం కన్నా ఒకటి ఎంచుకోవడం సులువు కావాలి.

జవాబుగా వచ్చిన బహానాలు మీరూ వినే ఉంటారు. మొదటిది, "మీరు వచ్చినప్పుడు బాగానే ఉంది, దస్తఖత్ చేశారు కదా." అగ్రిమెంట్ వెనక పట్టికలో "డబుల్ కాట్ విత్ మ్యాట్రెస్, గుడ్ కండిషన్" అని ఉంది, నిజమే. కానీ వీళ్లు తాళాలు తీసుకున్న సాయంత్రం గది గదికీ వీడియో తీసి ఆయనకే పంపారు. చాదర్ లేని గద్దా నడుమ నీడ పడిన గుంట అందులో స్పష్టంగా ఉంది. పట్టికలో 'గుడ్' అన్న ముక్కను ఓడించేది అలాంటి తారీఖున్న సబూత్ ఒక్కటే.

రెండోది, "మీకు ముందున్న వాళ్లు నాలుగేళ్లున్నారు, ఒక్కసారీ అడగలేదు." సాబ్, వాళ్లు అడగకపోవడం గద్దా బాగుందనడానికి సబూత్ కాదు. అది నాలుగేళ్లు అరిగిందనడానికి సబూత్.

మూడోది, "మీ కోసం మీరు కొనుక్కోండి, పోయేటప్పుడు తీసుకెళ్లండి." వినడానికి ఇన్సాఫ్‌లానే ఉంటుంది. కానీ అప్పుడు 26,000 ఎందుకు? గద్దా నాదైతే గద్దా కిరాయి నాకు తగ్గాలి. ఇక్కడ ఇంకో ఖత్రా కూడా ఉంది. కొత్తది కొనుక్కున్నాక పాత గద్దాను కబాడీవాలాకి ఇచ్చేస్తారు చాలామంది. ఖాళీ చేసే రోజు మాలిక్ పట్టిక తీసి "నా గద్దా ఏది?" అంటాడు. అడ్వాన్స్‌లో కోత పెడతాడు. పాత గద్దా ఎంత పాడైనా అది ఆయన సొత్తు. తీసుకెళ్లమని రాయండి, తీసుకెళ్లేదాకా ఓ మూల నిలబెట్టి ఉంచండి, తీసుకెళ్లిన రోజు ఫొటో ఉంచుకోండి.

నాలుగోది చాలా తీయగా ఉంటుంది. "నా ఇంకో ఫ్లాట్‌లో ఒక గద్దా ఉంది, పంపిస్తా." తీసుకునే ముందు వాకిట్లోనే దాని అంచు కుట్లు వేళ్లతో విప్పి చూడండి. కుట్ల వెంట నల్లని చుక్కలుంటే అవి ఖట్మల్ మరకలు. నల్లులు ఒకసారి పలంగ్ చెక్కల్లో చేరితే గద్దా ఖర్చు కన్నా మందు ఖర్చు ఎక్కువ.

చివరికి ఆయన రెండో దారి ఎంచుకున్నాడు, 12,000కి మించకుండా అని. పలంగ్ లోపలి కొలత తీసుకుంటే 75 × 60 అంగుళాలు వచ్చింది. ఇది కొలవకుండా దుకాణానికి పోకండి. 72, 75, 78 అంగుళాల పొడవుల్లో గద్దాలుంటాయి, మూడు అంగుళాల తేడా చాలు గద్దా అంచు వంగి పాడవడానికి. నచ్చిన గద్దా 13,500. పైనున్న 1,500 వీళ్లే పెట్టుకున్నారు, ఆ సంగతి కూడా రాసి పంపారు. రెండు నెలలు కిరాయి 20,000 చొప్పున కట్టారు. 12,000 అంటే ఆయన నెలనెలా సామాన్ కోసం తీసుకునే అదనపు పైసల్లో రెండు నెలలవి కూడా కాదు. ఇంత చిన్న హిసాబ్ కోసం ఏడో నెల మనిషి అన్ని రాత్రులు నేల మీద పడుకోవాలా?

మాలిక్ ఒప్పుకోకపోతే? కోపంతో కిరాయి ఆపేయకండి. కిరాయి ఎగ్గొట్టడం ఒక్కటి చాలు, బహస్ గద్దా మీద నుంచి మీ మీదికి తిరగడానికి, ఖాళీ చేయించడానికి. ఆయన ఒప్పుకున్నట్టు రాత లేకుండా మీ అంతట మీరు కోసుకోకండి. పదిహేను వేల కోసం కోర్టుకు వెళ్తే వకీల్ ఫీజే దాన్ని మింగేస్తుంది. అయితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకుంటే కేసు వేయకముందే ఇద్దరినీ పిలిచి రాజీ కుదర్చడానికి చూస్తారు. ఔరత్‌లకు అక్కడ న్యాయ సహాయం ఉచితం. అన్నిటికన్నా పెద్ద బలం మాత్రం పదకొండు నెలల అగ్రిమెంట్ తిరగరాసే రోజు. కిరాయి పెంచమని ఆయన అడిగే రోజూ అదే. ఆ రోజు మీరు ఈ ఒక్క షరతు రాయించండి: "పట్టికలోని సామాను మామూలు వాడకం వల్ల పనికిరాకుండా పోతే, రాతపూర్వకంగా తెలిపిన 15 రోజుల్లో యజమాని బాగుచేయించాలి లేదా మార్చాలి."

కిరాయేదార్‌లకూ ఒక మాట. హక్ అడిగేవాడు జిమ్మేదారీ కూడా ఒప్పుకోవాలి. పిల్లలు పలంగ్ మీద దూకి పట్టీ విరిస్తే, ఇస్త్రీ పెట్టెతో గద్దా కాలిస్తే, పసిపిల్లల తడి లోపలికి దిగి వాసనొస్తే అది అరుగుదల కాదు, మన నుక్సాన్. కట్టాల్సిందే. కానీ ఎంత? కొత్త ధర కాదు. 12,000 పెట్టి కొన్న గద్దా, ఎనిమిదేళ్ల ఆయుష్షు, ఆరేళ్లు వాడారు. మిగిలింది పావు వంతు, అంటే 3,000. అడ్వాన్స్‌లో నుంచి 12,000 కోసేవాడు మీ తప్పును వాడుకుని మునుపటి కిరాయేదార్‌ల అరుగుదల కూడా మీ నెత్తిన రుద్దుతున్నాడు. విరిగిన కుర్చీకైనా, చిరిగిన సోఫాకైనా హిసాబ్ ఇదే.

ఇక గల్ఫ్‌లో చెమటోడ్చి ఫ్లాట్ కొని కిరాయికి ఇచ్చిన మన భాయీలకు. మీ కష్టం నాకు తెలుసు. కానీ ఇంట్లోకి కొత్త సోఫా వచ్చినప్పుడల్లా పాతదాన్ని కిరాయి ఫ్లాట్‌లోకి తోసి, గేటుకు 'ఫుల్లీ ఫర్నిష్డ్' బోర్డు కట్టడం తిజారత్ కాదు. మీ ఇంటికి మెహమాన్ వస్తే ఆ గద్దా మీద పడుకోబెడతారా? పెట్టరు. మరి నెలకు 7,000 ఇచ్చి పడుకునేవాళ్లను ఎలా పెడతారు? ప్రతి నెలా వచ్చే ఆ పైసల్లోంచి వెయ్యి పక్కన పెట్టండి. ఏడాదికి 12,000, ఒక గద్దా. కిరాయేదార్ సందేశం వచ్చిన రోజు అది మీకు బోఝ్ అనిపించదు. పక్కన పెట్టడం ఇష్టం లేకపోతే సామాన్ తీసేసి ఖాళీ ఫ్లాట్‌గా ఇవ్వండి, 19,000 తీసుకోండి. రెండూ ఇన్సాఫే. గుంట పడిన గద్దా వేసి 26,000 తీసుకోవడమే కాదు.